కడచూపుకు అడ్డుపడే కాగితం

పాలకొల్లులో ఒక ముస్లిం ఇంట మరణం సంభవిస్తే మసీదు మైకులో రెండు వాక్యాలు వినిపిస్తాయి. ఫలానా వారి తల్లి అల్లాహ్ సన్నిధికి చేరారని ఒకటి, జనాజా నమాజు అసర్ తర్వాత అని ఇంకొకటి. ఆ రెండో వాక్యంలోనే గల్ఫ్‌లో ఉన్న బిడ్డకు తీర్పు పడిపోతుంది. ఉదయం కన్నుమూసిన మనిషికి సాయంత్రానికే ఖనన సంస్కారం పూర్తిచేయడం మన ఆచారం. కువైట్ నుంచి హైదరాబాదుకు విమానంలో సుమారు ఐదు గంటలు. అక్కడి నుంచి నర్సాపురం రైలు పట్టుకుంటే పాలకొల్లు చేరడానికి ఒక రాత్రి. చేతిలో పాసుపోర్టు, జేబులో టిక్కెట్టు ఉన్నవాడికి కూడా అసర్ నాటికి చేరడం అసాధ్యం. కనుక మన ఇళ్లలో కడచూపు దక్కాలంటే ఒకటే మార్గం: తల్లిదండ్రులు జబ్బుపడి ఇంకా ప్రాణంతో ఉండగానే బయల్దేరాలి. ఈ వ్యాసం ఆ కొద్ది రోజుల గురించి. ఆ రోజుల్లో రాలేకపోయినవారి మనసులో ఏళ్ల తరబడి మిగిలిపోయే అపరాధభావం గురించి, ఆ అపరాధం నిజానికి ఎవరిదన్న ప్రశ్న గురించి.

నేను తొమ్మిదేళ్లు కువైట్‌లో ఉండి తిరిగి వచ్చినవాణ్ణి. నా తండ్రి జనాజా నమాజును ఫోనులో విన్నవాణ్ణి. ఇప్పుడు పాలకొల్లులో గల్ఫ్ కుటుంబాలకు దరఖాస్తులు రాసిపెడుతుంటాను. నా దగ్గరకు వచ్చేవారిలో అన్ని మతాలవారూ ఉన్నారు. పాలకొల్లు, నర్సాపురం, ఆచంట, పెనుగొండ ప్రాంతాల నుంచి ఇంటిపనికి వెళ్లిన స్త్రీలలో ముస్లింలు కొందరు మాత్రమే. ఈ కష్టానికి మతం లేదు. కాని ఖననంలో మనం పాటించే త్వర వల్ల, తల్లిదండ్రుల సేవ గురించి మనం చిన్ననాటి నుంచి వినే బోధ వల్ల, మన ఇళ్లలో ఈ గాయం మరికొంత లోతుగా దిగుతుంది.

ఇరవై మూడు రోజులు

ఒక ఇంటి కథ చెబుతాను. పేర్లు చెప్పను. ఆ చెల్లెలు ఆరేళ్ల క్రితం కువైట్ వెళ్లింది. ఇంటిపనివారికిచ్చే 20వ నంబరు వీసా, మనవాళ్లు ఖాదిమ్ వీసా అనేది, ఆమెది. భర్త లేడు. ఇద్దరు పిల్లలను తల్లి దగ్గర వదిలి వెళ్లింది. మొదటి ఇంట్లో రెండేళ్లు చేసింది. పని భారం భరించలేక, జీతం ఆలస్యమవుతుంటే విసిగి, తెలిసినవారి మాట మీద మరో ఇంటికి మారింది. అక్కడ మనుషులు మంచివారు. జీతం 110 దీనార్లు, అంటే సుమారు ముప్పై వేల రూపాయలు, నెల తప్పకుండా ఇచ్చేవారు. ఆమెకు అంతా సవ్యంగా ఉన్నట్టే కనిపించింది. కాని అకామా మాత్రం పాత కఫీల్ పేరునే ఉండిపోయింది. పాసుపోర్టు కూడా అతని బీరువాలోనే ఉండిపోయింది.

ఒక గురువారం తెల్లవారుజామున తల్లికి పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది. ఇక్కడి నుంచి భీమవరం, భీమవరం నుంచి పెద్దాసుపత్రికి. తొమ్మిది రోజులు ఆ సంగతి కూతురికి చెప్పలేదు. "అక్కడ ఒంటరిగా ఉంటుంది, తట్టుకోలేదు" అన్నాడు తమ్ముడు. ఆమె ఫోను చేసిన ప్రతిసారీ అమ్మ నిద్రపోతోందనో, నమాజులో ఉందనో చెప్పారు. గడియారంలో కువైట్ మనకన్నా రెండున్నర గంటలు వెనుక. అక్కడ రాత్రి పది గంటలకు పని ముగించుకుని ఆమె ఫోను చేస్తే ఇక్కడ పన్నెండున్నర. ఆ వేళకు తల్లి నిద్రపోతోందంటే ఎవరు మాత్రం అనుమానిస్తారు?

పదో రోజున పిల్లవాడు నోరుజారాడు. ఆ రాత్రే ఆమె ఇంటి యజమానురాలి కాళ్లు పట్టుకుంది. ఆవిడ జాలిపడింది, టిక్కెట్టు డబ్బులు కూడా ఇస్తానన్నది. "కాని నీ కాగితాలు నా దగ్గర లేవు కదా" అన్నది. పన్నెండో రోజున పాత కఫీల్‌కు ఫోను చేస్తే అతను ఎత్తలేదు. పద్నాలుగో రోజున, తెలిసిన ఒక మందూబ్ ద్వారా విచారిస్తే అసలు విషయం బయటపడింది. ఆమె ఇల్లు విడిచిన కొద్ది నెలలకే కఫీల్ ఆమె పారిపోయిందని ఫిర్యాదు నమోదు చేశాడు. అకామా ఎప్పుడో రద్దయింది. నాలుగేళ్లుగా ఆమె ఆ దేశంలో చట్టం దృష్టిలో లేని మనిషి. ఆ సంగతి ఆమెకు తెలియదు. తెలుసుకునే అవసరమూ అంతవరకు రాలేదు.

పదహారో రోజున తమ్ముడు నా దగ్గరకు వచ్చాడు. ఆసుపత్రి కాగితం, పాసుపోర్టు జిరాక్సు, కఫీల్ పేరు, ఫోను నంబరు అడిగాను. ఆసుపత్రి కాగితం మందుల చీటీ తప్ప మరేమీ కాదు. పాసుపోర్టు జిరాక్సు లేదు. ఉన్న ఆధారం ఆరేళ్ల క్రితం ఏజెంటు ఇచ్చిన వీసా నకలు ఒక్కటే. దానితోనే విదేశాంగ శాఖ వారి MADAD పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేశాం. పందొమ్మిదో రోజున రాయబార కార్యాలయం నుంచి మర్యాదగానే సమాధానం వచ్చింది. పాసుపోర్టుకు బదులు ఎమర్జెన్సీ సర్టిఫికెట్, మనవాళ్ల మాటలో అవుట్ పాస్, ఇవ్వగలమన్నారు. అయితే ఆమెపై ఫిర్యాదు ఉంది గనుక అక్కడి పోలీసు, వలస శాఖల అనుమతి వచ్చాకే విమానం ఎక్కాలి. అందుకు ఎన్ని రోజులు పడుతుందో ఎవరూ చెప్పలేరు. వేలిముద్రలు తీసుకుని పంపుతారు గనుక తిరిగి ఆ దేశంలో అడుగుపెట్టడం ఉండదు.

ఆ రాత్రి ఆమె నాతో మాట్లాడింది. "భాయి, నేను వస్తే అమ్మీ మందులకు డబ్బు ఎవరు పంపుతారు? రాకపోతే అమ్మీ ముఖం ఎవరు చూపిస్తారు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆరోగ్యశ్రీ కిందకు రాని ఖర్చులు, మనిషిని పెట్టుకున్న ఖర్చు, పిల్లల ఫీజులు, ఏజెంటు కోసం చేసిన అప్పులో మిగిలిన లక్షా పాతికవేలు, అన్నీ ఆ 110 దీనార్ల మీదే నిలబడి ఉన్నాయి. తల్లిని బతికిస్తున్న జీతమే తల్లి దగ్గరకు రానివ్వని సంకెల అయింది. ఆమె మూడు రోజులు ఆలోచిస్తూ ఉండిపోయింది. ఇరవై మూడో రోజున తల్లి పోయింది. అసర్ తర్వాత జనాజా. తమ్ముడు ఫోను పట్టుకుని ఖబరస్తాన్ దాకా నడిచాడు. ఆమె వంటగదిలో నిలబడి చూసింది.

ఆ తర్వాత ఆమె పదే పదే ఒకే మాట అంటోంది: "ఆ మూడు రోజులు ఆలోచించకుండా ఉంటే చేరేదాన్నేమో." చేరేది కాదు. ఆ మూడు రోజుల్లో ఏ అనుమతీ వచ్చేది కాదని నాకు తెలుసు. ఆమెకూ తెలుసు. అయినా అపరాధభావానికి లెక్కలు పట్టవు. తన చేతిలో లేనిదానికి కూడా తననే దోషిగా నిలబెట్టడమే దాని స్వభావం.

తలుపు ఎవరి చేతిలో ఉంది?

ఈ కథలో ఆమెది ఒక పొరపాటు ఉంది. కాగితం మార్చకుండా ఇల్లు మారింది. కాని ఒక ఉద్యోగి పని మారితే తల్లి మరణశయ్య దగ్గరకు వెళ్లే హక్కు పోవడమనేది మరే వృత్తిలోనూ లేని శిక్ష. దీనికి మూలం కఫాలా పద్ధతి. అందులో మనిషి ఆ దేశంలో ఉండే అనుమతి ఒక యజమాని పేరుకు కట్టివేయబడుతుంది. అతను ఒక ఫిర్యాదు రాస్తే చాలు, ఆ అనుమతి కూలిపోతుంది.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. కువైట్ 2015లో తెచ్చిన 68వ నంబరు చట్టం ప్రకారం ఇంటిపనివారి పాసుపోర్టును వారి సమ్మతి లేకుండా యజమాని దగ్గర ఉంచుకోకూడదు. రోజుకు పన్నెండు గంటలకు మించి పని చేయించకూడదు. వారానికొక విశ్రాంతి దినం, ఏడాదికి ముప్పై రోజుల జీతంతో కూడిన సెలవు ఇవ్వాలి. ఇవన్నీ కాగితం మీద ఉన్నాయి. కాని ఇంటి తలుపుల వెనుక తనిఖీ చేసేవారుండరు. ఏడాది సెలవు రెండేళ్లకొకసారి అవుతుంది. పాసుపోర్టు "భద్రంగా" బీరువాలోకి వెళుతుంది. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది. సెలవు హక్కు వేరు, తల్లి జబ్బుపడిన రోజే బయల్దేరే హక్కు వేరు. మన స్త్రీలు వేలిముద్ర వేసే ఒప్పందాల్లో నేను చూసినంతవరకు రెండోదాని ఊసే కనబడదు.

ఇతర వీసాలవారి పరిస్థితి కూడా తెలుసుకోవాలి. కువైట్‌లో కంపెనీల్లో పనిచేసే 18వ నంబరు వీసావారికి ఇంతకాలం దేశం దాటడానికి యజమాని అనుమతి అక్కరలేకపోయేది. 2025 జూలై 1 నుంచి వారికి కూడా యజమాని ఆమోదించిన నిష్క్రమణ పత్రం తప్పనిసరి చేశారు. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. యజమాని వెంటనే ఆమోదిస్తే నిమిషాల పని. అతను ఊళ్లో లేకపోయినా, జీతం తగాదా ఉన్నా ఆ నిమిషాలు రోజులవుతాయి. తండ్రి ఐసీయూలో ఉన్నవాడికి ఆ రోజుల విలువ ఏమిటో చెప్పనక్కరలేదు.

సౌదీ అరేబియాలో 2021 మార్చి నుంచి కంపెనీ కార్మికులు తిరుగు వీసాకు తామే దరఖాస్తు చేసుకునే వీలు కల్పించారు. అది మంచి సంస్కరణే. కాని ఇంటిపనివారిని, ఇంటి డ్రైవర్లను, తోటమాలులను, గొర్రెల కాపరులను, వ్యవసాయ కూలీలను దాని నుంచి మినహాయించారు. మన జిల్లాల నుంచి వెళ్లే పేదలు ఎక్కువగా ఆ మినహాయింపులోనే పడతారు. వారికి తిరుగు వీసా కఫీలే తీయాలి. అకామా గడువు ముగిసి ఉంటే అది రాదు. కఫీల్ 'హురూబ్' రాసి ఉంటే అసలే రాదు.

ఇది మార్చలేనిదా? ఖతార్‌ను చూడండి. 2018లో అక్కడ ఎక్కువమంది కార్మికులకు నిష్క్రమణ అనుమతి రద్దుచేశారు. 2020 జనవరిలో ఇంటిపనివారికీ ఆ వెసులుబాటు విస్తరించారు. 72 గంటల ముందు యజమానికి తెలియజేస్తే చాలు, అతని అనుమతి అక్కరలేదు. అక్కడా ఆచరణలో లోపాలున్నాయి. పాసుపోర్టు దాచే యజమానులు అక్కడా ఉన్నారు. కాని సూత్రం మారింది. పొరుగు దేశం చేయగలిగినది తక్కినవారు చేయలేరని ఎలా అంటాం?

క్షమాభిక్ష కోసం ఎదురుచూపు

అకామా పోయినవారికి మిగిలే ఆశ ఒకటే, 'ఆమ్ మాఫీ'. కువైట్ 2018లో జనవరి 29 నుంచి ఏప్రిల్ 22 వరకు, 2024లో మార్చి 17 నుంచి జూన్ 30 వరకు అటువంటి క్షమాభిక్ష ప్రకటించింది. ఆ రోజుల్లో జరిమానా లేకుండా, తిరిగి వచ్చే హక్కు పోకుండా వెళ్లిపోయే వీలుంటుంది. 2020 ఏప్రిల్‌లోనూ ప్రకటించింది. టిక్కెట్టు ఖర్చు కూడా తానే భరిస్తానన్నది. కాని అప్పటికి కరోనా వల్ల మన దేశమే విమానాలను ఆపివేసింది. క్షమాభిక్షకు పేరిచ్చి శిబిరాల్లో చేరిన ఆంధ్ర స్త్రీలు వారాల తరబడి అక్కడే ఉండిపోయారు. కువైట్ తలుపు తెరిచిన వేళ మన తలుపు మూసి ఉంది.

ఈ తేదీలు ఎందుకు చెబుతున్నానంటే, 2018కీ 2024కీ మధ్య ఆరేళ్లు గడిచాయి. తల్లిదండ్రుల జబ్బు క్షమాభిక్ష కాలం చూసుకుని రాదు. తెరిచిన తలుపు దగ్గరకు ఆ చెల్లెలు 2024లో ఎందుకు వెళ్లలేదని అడగవచ్చు. తన కాగితం చెడిపోయిందని ఆమెకు తెలిస్తే కదా!

మన వంతు తప్పు

ప్రభుత్వాలను నిలదీసే ముందు మన ఇంటివైపు కూడా చూసుకోవాలి. గల్ఫ్ వెళ్లే రోజున మనం జీతమెంత, అప్పు ఎన్నాళ్లకు తీరుతుంది అని అడుగుతాం. అమ్మకు ఏదైనా అయితే ఎలా వస్తావు అని ఎవరం అడగం. అశుభమని నోరు నొక్కుకుంటాం. కాని ఆ ప్రశ్నకు జవాబు వీసా మీదే ఉంటుంది. సందర్శకుల వీసా మీద వెళ్లి అక్కడ పనిలో చేరేవారికి మన ప్రభుత్వం దగ్గర ఒప్పందపు నకలు ఉండదు. ఈమైగ్రేట్‌లో పేరుండదు. కష్టం వచ్చినప్పుడు రాయబార కార్యాలయం కఫీల్ పేరు కూడా మనల్నే అడగాల్సి వస్తుంది.

రెండో తప్పు, దాచడం. ఆ తమ్ముడు ప్రేమతోనే దాచాడు. కాని ఆ తొమ్మిది రోజులు తీసేసి లెక్కించండి. పద్నాలుగో రోజున తెలిసిన ఫిర్యాదు సంగతి ఐదో రోజునే తెలిసేది. రాయబార కార్యాలయం సమాధానం పదో రోజున చేతికందేది. అప్పుడైనా చేరేదని నేను హామీ ఇవ్వలేను. కాని ఎటు వెళ్లాలో తేల్చుకునే అవకాశం ఆమెకు దక్కేది. అంతకన్నా ముఖ్యం, తల్లికి ఇంకా చూపు ఆనుతున్న రోజుల్లో ఫోను తెర మీద అయినా ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు. దూరాన ఉన్నవారికి నిజం చెప్పకపోవడం దయ అనిపిస్తుంది. నిజానికి అది వారి చేతిలో మిగిలిన కొద్దిపాటి సమయాన్ని కూడా లాక్కోవడమే.

మూడో తప్పు, మన నాలుక. జనాజా ముగిసిన ఇంట్లో బంధువుల మొదటి ప్రశ్న "కూతురు రాలేదేం?" అని. జుమా ప్రసంగాల్లో హజ్రత్ ఉవైస్ ఖర్నీ ఉదంతం తరచుగా వింటాం. తల్లి సేవ విడిచి రాలేక ప్రవక్త దర్శనభాగ్యాన్నే వదులుకున్న మహనీయుడు ఆయన. ఆ ఉదంతం గొప్పది. కాని అదే ప్రసంగాన్ని ఫోనులో వింటున్న ఇంటి డ్రైవరు దాన్ని ఎలా స్వీకరిస్తాడో మన ఇమాములు ఒక్కసారి ఆలోచించాలి. ఉవైస్ కాళ్లకు సంకెల లేదు. ఆయన తన ఇష్టంతో ఆగారు. వీడు తన ఇష్టంతో ఆగలేదు.

మన ధర్మం బాధ్యతను శక్తితో ముడిపెట్టింది. హజ్ వంటి మూలస్తంభానికే స్తోమత షరతు ఉంది. దారి మూసుకుపోయినవాడి మీద హజ్ విధి కానప్పుడు, పాసుపోర్టు మరొకరి బీరువాలో ఉన్న స్త్రీ మీద రాకపోయిన పాపం ఎలా పడుతుంది? జనాజా దక్కనివారు దూరం నుంచి నమాజు చేయవచ్చా అని నన్ను చాలామంది అడుగుతారు. అబిసీనియా రాజు నజాషీ మరణించినప్పుడు ప్రవక్త మదీనాలో ఆయన కోసం జనాజా నమాజు చేయించిన సంగతి ప్రసిద్ధం. దాని ఆధారంగా షాఫయీ, హంబలీ పండితులు దాన్ని అనుమతించారు. మన ప్రాంతంలో ఎక్కువమంది అనుసరించే హనఫీ మార్గంలో దానికి అనుమతి లేదు. కాని దుఆకు ఏ మార్గంలోనూ అడ్డు లేదు. తల్లిదండ్రుల అప్పులు తీర్చడం, వారి మాట నిలబెట్టడం, వారి పేర దానం చేయడం, వారి స్నేహితులను ఆదరించడం, ఇవన్నీ సంతానం చేయదగినవే. వీటిలో దేనికీ వీసా అక్కరలేదు. ఈ మాటలు ఖుత్బాలో వినిపిస్తే వంటగదిలో నిలబడి విన్న ఆ చెల్లెలికి ఊపిరాడేది.

ఏం చేయాలి?

ముందుగా మన చేతిలో ఉన్న పని. ప్రతి మసీదు కమిటీ ఒక పుస్తకం పెట్టుకోవాలి. మొహల్లా నుంచి విదేశాల్లో ఉన్న ప్రతి ఒక్కరి పాసుపోర్టు, వీసా, సివిల్ ఐడీ లేదా అకామా నకళ్లు, కఫీల్ పేరు, ఫోను, ఇంటి చిరునామా ఇంట్లో ఒక ప్రతి, కమిటీ దగ్గర ఒక ప్రతి ఉండాలి. ఏడాదికి రెండుసార్లు, రమజాన్‌కు ముందు ఒకసారి, బక్రీద్ తర్వాత ఒకసారి, అకామా గడువు ఎప్పుడని ఫోను చేసి అడగాలి. పని చేస్తున్న ఇల్లు, అకామా మీద ఉన్న పేరు ఒకటి కాకపోతే అదే మొదటి ప్రమాద సూచన. కొత్త సివిల్ ఐడీ చేతికివ్వడం యజమాని వాయిదా వేస్తుంటే అది రెండోది. ఈ రెండూ జబ్బు రాకముందే కనిపించే గుర్తులు. అప్పుడు సరిదిద్దుకోవడానికి సమయం ఉంటుంది.

తల్లిదండ్రులు ఆసుపత్రిలో చేరిన రోజే మూడు పనులు జరగాలి. మొదటిది, బిడ్డకు నిజం చెప్పడం. రెండోది, మందుల చీటీతో సరిపెట్టుకోక ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద, రోగి పేరు, జబ్బు, చేరిన తేదీ, పరిస్థితి విషమమని, సంతానం వెంటనే రావడం అవసరమని ఇంగ్లీషులో, డాక్టరు సంతకం, ముద్రతో ఉత్తరం తీసుకోవడం. యజమానికి చూపడానికైనా, రాయబార కార్యాలయానికి పంపడానికైనా పనికొచ్చేది అదే. మూడోది, యజమాని నిరాకరించేదాకా ఆగకుండా, అతను రెండు రోజుల్లో తేల్చకపోతే MADAD పోర్టల్‌లో కుటుంబమే ఫిర్యాదు చేయడం. రాష్ట్ర ప్రభుత్వ ప్రవాసాంధ్రుల సంస్థ ఏపీఎన్‌ఆర్‌టీఎస్‌కు కూడా అదే రోజు తెలియజేయాలి. ఒక పరిమితి మాత్రం గుర్తుంచుకోవాలి. రాయబార కార్యాలయం యజమానితో మాట్లాడగలదు, ప్రయాణపత్రం ఇవ్వగలదు. అక్కడి పోలీసు కేసును రద్దు చేయలేదు. అందుకే కాగితం చెడకుండా చూసుకోవడమే అన్నిటికన్నా పెద్ద రక్షణ.

ఇక ప్రభుత్వాన్ని అడగవలసింది. ఇంటిపనివారి నియామకంపై భారత్, కువైట్ 2021 జూన్‌లో ఒప్పందపత్రం మీద సంతకాలు చేశాయి. ఇంటిపనివారికి ఇరవై నాలుగు గంటల సహాయ ఏర్పాటు అందులో ఉంది. ఇరుదేశాలు దాన్ని సమీక్షించినప్పుడు ఒక్క నిబంధన చేర్చాలని మన ఎంపీలు, మైనారిటీ సంఘాలు, మహిళా సంఘాలు పట్టుబట్టాలి. తల్లి, తండ్రి, భర్త లేదా బిడ్డ ప్రాణాపాయ స్థితిలో ఉన్నట్టు ఆసుపత్రి ఉత్తరం అందితే, 72 గంటల్లో యజమాని పాసుపోర్టు అప్పగించాలి. కార్మికురాలు వెళ్లి నిర్ణీత గడువులో తిరిగి వస్తే అకామా, ఉద్యోగం నిలవాలి. ఆ కాలంలో పెట్టిన పరారీ ఫిర్యాదు చెల్లకూడదు. ఇప్పటికే ఫిర్యాదు ఉన్నవారి విషయంలో క్షమాభిక్ష కోసం ఆగకుండా మానవతా కారణంపై వెళ్లనిచ్చే మార్గం ఉండాలి. 72 గంటలు అనే కొలత మన ఊహ కాదు, పొరుగున ఖతార్ ఇప్పటికే వాడుతున్నది.

మరొకటి మన ప్రభుత్వం ఎవరినీ అడగనక్కరలేకుండా చేయగలది. వలస కార్మికులకు తప్పనిసరి చేసిన ప్రవాసీ భారతీయ బీమా యోజనలో ప్రమాదవశాత్తు మరణానికి, శాశ్వత వైకల్యానికి పది లక్షల రూపాయల రక్షణ ఉంది. ఆ పథకం కార్మికుని దేహం చుట్టూ అల్లినది. అతని తల్లి దేహం దాని లెక్కలో లేదు. తల్లిదండ్రుల ప్రాణాపాయంలో రానుపోను టిక్కెట్టు ఖర్చును అందులో చేర్చాలి. డబ్బు లేక ఆగిపోయేవారు, కాగితం లేక ఆగిపోయేవారికన్నా తక్కువేమీ కాదు.

ఆ చెల్లెలు ఇప్పటికీ కువైట్‌లోనే ఉంది. తదుపరి క్షమాభిక్ష ఎప్పుడొస్తే అప్పుడు వస్తానంటోంది. తల్లి సమాధి దగ్గర తమ్ముడు నాటిన కొబ్బరి మొక్క ఫోటో ఆమె ఫోనులో ఉంది. మొన్న మాట్లాడినప్పుడు మళ్లీ అదే అడిగింది: "భాయి, నేను తప్పు చేశానా?" "లేదమ్మా" అన్నాను. "నీ కాగితం ఎవరి చేతిలో ఉందో మేం ఆరేళ్లూ అడగలేదు. తప్పు మాది" అన్నాను. ఆ మాట పాలకొల్లులో నేనొక్కడినే అంటే సరిపోదు. ఆమె ఊరికి వచ్చిన రోజున మొహల్లా అంతా అనాలి.